రిజెక్ట్ చేసిన రిక్రూటర్‌కి మూడో నెలలో మెయిల్

‘మీ వివరాలు మా దగ్గర ఉంచుకుంటాం. తగిన అవకాశం వచ్చినప్పుడు సంప్రదిస్తాం.’ ఐటీ ఉద్యోగాల ఇంటర్వ్యూలకు వెళ్లి రిజెక్ట్ అయిన ప్రతి ఒక్కరికీ ఈ మాటలు తెలుసు. మెయిల్ చివర్లో ఉంటాయి. చాలామంది వీటిని మర్యాదకు రాసినవిగా తీసుకుని ఆ మెయిల్‌ను అక్కడితో వదిలేస్తారు. కొద్దిమంది నిజమేననుకుని ఫోన్ కోసం ఎదురుచూస్తారు. ఇద్దరి లెక్కా తప్పే. వివరాలు కంపెనీ దగ్గర నిజంగానే ఉంటాయి. కాకపోతే ఎవరో ఒకరు వెతికితే తప్ప అవి వాటంతట అవి పైకి రావు.

హైదరాబాద్‌లో ఓ మాదిరి పెద్ద కంపెనీ ఏదైనా సరే, నియామకాలను ఒక సాఫ్ట్‌వేర్ మీదే నడుపుతుంది. వర్క్‌డే, గ్రీన్‌హౌస్, సక్సెస్‌ఫ్యాక్టర్స్ అలాంటివే. అభ్యర్థి పెట్టిన ప్రతి దరఖాస్తూ, హాజరైన ప్రతి రౌండూ, ఇంటర్వ్యూ చేసినవాళ్ల అభిప్రాయాలూ అందులో నమోదవుతాయి. ఎంపిక కాకపోతే ఎందుకు కాలేదో కూడా ఒక కారణం ఎంచి ఆ ఫైల్ మూసేస్తారు. స్కిల్ సరిపోలేదు, వేరొకరు ఎంపికయ్యారు, జీతం కుదరలేదు, పొజిషన్ హోల్డ్‌లో పడింది... ఇలా ఉంటాయి ఆ కారణాలు. అభ్యర్థికి వచ్చే మెయిల్ మాత్రం అన్నింటికీ ఒకటే. లోపల రాసుకున్న కారణం వేరు, బయటికి పంపిన మెయిల్ వేరు అన్న సంగతి తెలియక, అందరూ ఒకేలా నిరాశపడతారు.

ఆ ‘నో’ ఒక జాబ్ ఐడీకి సంబంధించింది. ఆ ఐడీ కింద ఉన్నది ఒకటో రెండో ఖాళీలు. అవి నిండగానే రిక్రూటర్ ఇంకో రిక్వైర్‌మెంట్ మీదికి వెళ్లిపోతుంది. ఆరు నెలల తర్వాత అదే టీమ్‌లో అలాంటిదే ఖాళీ వస్తే, పాత జాబితా తెరిచి ఒక్కొక్కరికీ ఫోన్ చేసేంత తీరిక ఆమెకు సాధారణంగా ఉండదు. కొత్త ప్రకటన ఇస్తుంది, నౌకరీలో వెతుకుతుంది, ఉద్యోగుల నుంచి రిఫరల్స్ అడుగుతుంది. అప్పటికి ఆమె మెయిల్‌బాక్స్‌లో పైనే కనిపిస్తున్న పాత అభ్యర్థి ఎవరైనా ఉంటే, పని సగం తగ్గిందని సంతోషిస్తుంది. కొన్ని నెలల తర్వాత మళ్లీ పలకరించడం వెనక ఉన్న లెక్క ఇదే.

మూడు నెలల కిటుకు

ఎప్పుడు రాయాలన్నది అభ్యర్థి ఇష్టాన్ని బట్టి కాదు, నియామకాల క్యాలెండర్‌ని బట్టి తేలాలి. మన ఐటీ రంగంలో ఆ క్యాలెండర్‌ను నడిపేది నోటీస్ పీరియడ్. పెద్ద సర్వీసెస్ కంపెనీల్లో చాలావాటిలో అది 90 రోజులు. అంటే అక్టోబరులో ఎంపికైన వ్యక్తి సీట్లో కూర్చునేది జనవరిలో. ఈ మూడు నెలల్లో చాలా జరగొచ్చు. ఆఫర్ చేతిలో పెట్టుకుని అతను మరో రెండు కంపెనీల్లో ఇంటర్వ్యూలకు వెళ్లొచ్చు, ఎక్కువ జీతం ఇస్తామన్న చోటికి మారిపోవచ్చు. ఉన్న కంపెనీయే జీతం పెంచి ఆపేసుకోవచ్చు. జాయినింగ్ డేట్ రోజున ఫోన్ ఎత్తకుండా ఊరుకునేవాళ్లూ ఉన్నారు. రిక్రూటర్లు దీన్ని ‘బ్యాకౌట్’ అంటారు. వాళ్ల ఉద్యోగంలో అతి పెద్ద తలనొప్పి ఇదే. మూడు నెలలు ఆగిన మేనేజర్‌కి ఇప్పుడు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతామని చెప్పాల్సి వస్తుంది.

ఆ సమయానికి ఫైనల్ రౌండ్ దాకా వచ్చి ఆగిపోయిన రెండో వ్యక్తి గుర్తుకు రావాలి. రావాలంటే ఆ వారంలోనో, కాస్త ముందో అతని పేరు కళ్లపడాలి. అందుకే రిజెక్ట్ అయిన తర్వాత పంపే మొదటి పలకరింపుకి రెండున్నర నుంచి మూడు నెలల మధ్య కాలం బాగా నప్పుతుంది. పదిహేను రోజులకే రాస్తే చెప్పడానికి కొత్త విషయం ఉండదు. ఏడాది తర్వాత రాస్తే రిక్రూటరే మారిపోయి ఉండొచ్చు.

రెండో గడియ ఆరు నెలల దగ్గర ఉంటుంది. టెక్నికల్ రౌండ్‌లో ఫెయిలైనవాళ్లను కొంతకాలం మళ్లీ తీసుకోకూడదని చాలా కంపెనీలు నియమం పెట్టుకుంటాయి. దీన్ని ‘కూలింగ్ పీరియడ్’ అంటారు. చాలాచోట్ల ఆరు నెలలు, కొన్నిచోట్ల ఏడాది. ఆ గడువు లోపల ఎంత చక్కగా మెయిల్ రాసినా రిక్రూటర్ చేయగలిగింది తక్కువ, ఎందుకంటే సిస్టమే దరఖాస్తును ముందుకు పోనివ్వకపోవచ్చు. రిజెక్ట్ అయిన రోజునే ‘మళ్లీ ఎప్పుడు అప్లై చేయవచ్చు?’ అని ఒక్క మాట అడిగి తేదీ రాసిపెట్టుకున్నవాళ్లకు ఈ ఇబ్బంది ఉండదు.

బడ్జెట్ల సంగతి కూడా ఉంది. ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఆర్థిక సంవత్సరం నడిపే మన కంపెనీలకు కొత్త పోస్టులు ఏప్రిల్ తర్వాత తెరుచుకుంటాయి. అదే సమయంలో బోనస్ చేతికి అందగానే రాజీనామా చేసేవాళ్ల వల్ల పాత సీట్లూ ఖాళీ అవుతాయి. జనవరితో ఏడాది మొదలయ్యే అమెరికా సంస్థల హైదరాబాద్ కేంద్రాల్లో ఈ కదలిక జనవరి, ఫిబ్రవరిల్లో కనిపిస్తుంది. డిసెంబరు చివరి రెండు వారాల్లో పంపిన మెయిల్ సెలవుల కింద పడి కనిపించకుండా పోతుంది.

ఎవరు రాస్తే ఫలితం ఉంటుంది

రిజెక్ట్ అయిన ప్రతివాళ్లూ రాయాల్సిన పని లేదు. ఏ మెట్టు మీద ఆగిపోయామన్నది ముఖ్యం. రెజ్యూమె దగ్గరే పక్కన పెట్టేస్తే రిక్రూటర్‌కి ఆ మనిషి గుర్తే ఉండడు. అలాంటప్పుడు పాత పరిచయాన్ని గుర్తుచేయడం కంటే కొత్త జాబ్ ఐడీకి నేరుగా అప్లై చేయడమో, లోపల పనిచేసే స్నేహితుడితో రిఫర్ చేయించుకోవడమో మేలు. మొదటి టెక్నికల్ రౌండ్‌లో ఆగినవాళ్లు కూలింగ్ పీరియడ్ అయ్యేదాకా ఆగాలి. మేనేజర్ రౌండ్ దాటి, హెచ్ఆర్ జీతం మాట్లాడి, మూడు నెలల పేస్లిప్పులు కూడా అడిగిన తర్వాత ‘పొజిషన్ ఫిల్ అయింది’ అన్న కబురు వచ్చిందంటే మాత్రం ఆ అభ్యర్థి దాదాపు గీత దాటినట్టే. పేస్లిప్పులు ఊరికే అడగరు. ఆఫర్ లెక్క కట్టడానికే అడుగుతారు. మూడో నెలలో రాయాల్సింది ముందుగా వీళ్లే.

రోజూ జరిగే వ్యవహారాన్ని ఒక మనిషికి అన్వయించి చూస్తే విషయం తేటపడుతుంది. హన్మకొండలో ఇంజనీరింగ్ చదివి, మాదాపూర్‌లో ఒక సర్వీసెస్ కంపెనీలో ఐదేళ్లుగా టెస్టింగ్ చేస్తున్న కుర్రాడు ఉన్నాడనుకుందాం. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లోని ఒక ప్రోడక్ట్ కంపెనీలో ఆటోమేషన్ టెస్టర్ ఉద్యోగానికి నాలుగు రౌండ్లు అయ్యాయి. జావా, సెలీనియం ప్రశ్నలకు బాగా చెప్పాడు. ఏపీఐ టెస్టింగ్ దగ్గరికి వచ్చేసరికి తడబడ్డాడు. పేస్లిప్పులు పంపించుకున్నారు. అక్టోబరు మూడో వారంలో ‘వేరొకరిని తీసుకున్నాం’ అని మెయిల్ వచ్చింది.

ఆ రోజే అతను మూడు వాక్యాల జవాబు పంపాడు. సమయం ఇచ్చినందుకు కృతజ్ఞతలు, ఏపీఐ టెస్టింగ్‌లో అనుభవం తక్కువ కావడమే కారణమా అన్న ఒక్క ప్రశ్న, మళ్లీ ఎప్పుడు అప్లై చేయవచ్చో చెప్పమన్న విన్నపం. కారణాలు రాతపూర్వకంగా ఇవ్వడానికి కంపెనీలు సాధారణంగా ఇష్టపడవు. అందుకే ఆ ప్రశ్న అవునో కాదో అంటే సరిపోయేలా ఉంది. రిక్రూటర్ ఫోన్ చేసి, ‘అవతలి క్యాండిడేట్‌కి ఏపీఐ మీద పట్టు ఎక్కువ, అంతే’ అంది. ఇంటర్వ్యూ మొత్తంలో అతనికి దక్కిన విలువైన సమాచారం ఈ ఒక్క ముక్కే.

తర్వాతి రెండు నెలల్లో అతను చేసిందీ ఒక్కటే. సర్టిఫికెట్ కోర్సుల జోలికి పోలేదు. తాను పనిచేస్తున్న ప్రాజెక్టులోనే చెల్లింపుల మాడ్యూల్‌కి ఏపీఐ టెస్టులు రాస్తానని లీడ్‌ని అడిగి తీసుకున్నాడు. రెస్ట్ అష్యూర్డ్ వాడి నూట ఇరవై టెస్ట్ కేసులు ఆటోమేట్ చేశాడు. రెండు రోజులు పట్టే రిగ్రెషన్ ఒక్క రాత్రిలో పూర్తవుతోంది. ‘నేర్చుకున్నాను’ అనడానికీ ‘నడుస్తోంది’ అనడానికీ ఉన్న తేడా రిక్రూటర్‌కి వెంటనే తెలుస్తుంది.

జనవరి మెయిల్

జనవరి రెండో వారంలో, మంగళవారం ఉదయం, అక్టోబరు నాటి మెయిల్‌కే రిప్లై కొట్టాడు. కొత్త మెయిల్ రాయలేదు. కింద పాత సంభాషణ మొత్తం ఉంటుంది కాబట్టి ‘ఎవరీయన?’ అని ఆమె వెతుక్కోనక్కర్లేదు. ఇలాంటి మెయిళ్లు ఇంగ్లీషులోనే వెళ్తాయి. దాని సారం తెలుగులో ఇది:

‘మేడమ్, అక్టోబరులో ఆటోమేషన్ టెస్టర్ పొజిషన్‌కి మేనేజర్ రౌండ్ వరకు వచ్చాను. ఏపీఐ టెస్టింగ్ అనుభవం తక్కువని అప్పట్లో మీరు చెప్పారు. నవంబరు నుంచి మా చెల్లింపుల మాడ్యూల్‌కి రెస్ట్ అష్యూర్డ్‌తో 120 టెస్టులు రాశాను, ఇప్పుడు రోజూ రాత్రి అవే నడుస్తున్నాయి. నా నోటీస్ 90 రోజులు, బైఅవుట్ ఉంది కనుక 45 రోజుల్లో చేరగలను. ఆ టీమ్‌లో గానీ, అలాంటి పనికి వేరే టీమ్‌లో గానీ ఖాళీ వస్తే నన్ను పరిశీలించండి. కొత్త రెజ్యూమె జత చేశాను. ఇప్పుడేమీ లేకపోయినా పర్వాలేదు.’

ఇందులో ఆమె అడగబోయే ప్రతి ప్రశ్నకూ ముందే జవాబు ఉంది. ఎవరు, ఎంతవరకు వచ్చారు, ఏం మారింది, ఎప్పుడు చేరతారు. రిక్రూటర్ ఎవరికి ఫోన్ చేసినా మొదట అడిగేది నోటీస్ పీరియడే కాబట్టి ఆ ముక్క రాయకపోతే మెయిల్ అసంపూర్ణం. బైఅవుట్ అంటే మిగిలిన రోజుల జీతం కంపెనీకి కట్టి ముందే బయటపడటం. అన్ని కంపెనీలూ దానికి ఒప్పుకోవు. ముందు తన అపాయింట్‌మెంట్ ఆర్డర్ తీసి చూసుకున్నాకే అతను ఆ మాట రాశాడు. ‘30 రోజుల్లో చేరతాను’ అని చెప్పి, ఆఫర్ వచ్చాక 90 అన్నవాళ్ల పేర్లు రిక్రూటర్లు గుర్తుపెట్టుకుంటారు.

చివరి వాక్యం చిన్నదే. ఖాళీ లేనప్పుడు కాదని చెప్పడానికి చాలామంది రిక్రూటర్లు ఇబ్బంది పడి జవాబే ఇవ్వరు. ‘లేకపోయినా పర్వాలేదు’ అంటే ఆ ఇబ్బంది తొలగి, ఉన్నది ఉన్నట్టు చెబుతారు. ఇక్కడ ఆమె రెండు రోజులకు రాసింది: అక్టోబరులో తీసుకున్న వ్యక్తి వచ్చే వారం చేరుతున్నాడు, ప్రస్తుతానికి ఏమీ లేదు, ఏప్రిల్‌లో పక్క టీమ్‌కి రెండు పొజిషన్లు అడిగారు. అతను ‘థాంక్యూ మేడమ్, ఏప్రిల్ మొదటి వారంలో గుర్తుచేస్తాను’ అన్నాడు, ఆగాడు, చెప్పిన వారంలోనే గుర్తుచేశాడు. పాత ఇంటర్వ్యూల అభిప్రాయాలు సిస్టమ్‌లో ఉన్నాయి కనుక ఆమె వాటిని కొత్త మేనేజర్‌కి చూపించి, ఏపీఐ మీద ఒక టెక్నికల్ రౌండూ, మేనేజర్ రౌండూ పెట్టించింది. నాలుగు రెండయ్యాయి. ఆఫర్ వస్తుందా రాదా అన్నది ఆ రెండు రౌండ్లు తేల్చాల్సిన సంగతి. మెయిల్ చేయగలిగింది అంతవరకు తీసుకెళ్లడమే.

ప్రొఫైల్ నిద్రపోకూడదు

మెయిల్ పంపి నౌకరీ ప్రొఫైల్‌ను అలాగే వదిలేయడం చాలామంది చేసే పని. రిక్రూటర్లు నౌకరీలో వెతికే అవతలి వైపు పేరు రెస్‌డెక్స్. అందులో ‘ఇటీవల చురుగ్గా ఉన్నవాళ్లు’ అని ఒక వడపోత ఉంటుంది. ఎన్నాళ్లుగానో లాగిన్ కాని ప్రొఫైల్ ఆ వడపోతలో రాలిపోతుంది, రెజ్యూమె ఎంత బాగున్నా సరే. మెయిల్ పంపే రోజునే నౌకరీ, లింక్డ్‌ఇన్ రెండింటిలోనూ కొత్త పనిని చేర్చాలి. ఆటోమేషన్ టెస్టర్ ఉదాహరణలో ‘ఏపీఐ టెస్టింగ్’, ‘రెస్ట్ అష్యూర్డ్’ అన్న మాటలు స్కిల్స్‌లో లేకపోతే రిక్రూటర్ వాటితో వెతికినప్పుడు అతను కనిపించడు.

కొత్త రెజ్యూమె పంపేటప్పుడు ఇంకో జాగ్రత్త ఉంది. పాతది కంపెనీ సిస్టమ్‌లో అలాగే ఉంటుంది. ఆరు నెలల కింద ‘మూడేళ్ల జావా’ అన్న మనిషి ఇప్పుడు ‘ఐదేళ్ల జావా’ అంటే, ఒక కంపెనీ పేరు మాయమైతే, ఉద్యోగాల తేదీలు జరిగితే పక్కపక్కన పెట్టగానే దొరికిపోతుంది. ఆఫర్ తర్వాత జరిగే వెరిఫికేషన్‌లో పీఎఫ్ ఖాతాలోని సర్వీస్ చరిత్ర కూడా చూస్తారు. ఎక్కడ ఎప్పటి నుంచి ఎప్పటిదాకా పనిచేశారో యూఏఎన్ చెబుతుంది. రెండో అవకాశం ఇక్కడే చేజారినవాళ్లు ఉన్నారు.

ఎక్కడ బెడిసికొడుతుంది

‘ఎనీ అప్‌డేట్?’ అని వారం వారం అడగడం అన్నింటికంటే ఎక్కువ కనిపించే తప్పు. కొత్త కబురు లేని మెయిల్‌కి ఇచ్చే జవాబు కూడా కొత్తగా ఉండదు. రాత్రి పూట వాట్సాప్‌లో రాయడం, ఎంపికైన వ్యక్తి కంటే తానే ఎలా మెరుగో వాదించడం, రిక్రూటర్‌ని దాటి మేనేజర్‌కి నేరుగా రాయడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఒకే కంపెనీలో టెస్టర్, డెవలపర్, బిజినెస్ అనలిస్ట్ అంటూ పది ఐడీలకు అప్లై చేస్తే ఆ పదీ ఒకే పేజీలో కనిపిస్తాయి. ఈయనకి ఏం కావాలో ఈయనకే తెలియదన్న అభిప్రాయం అక్కడే పడిపోతుంది.

కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవాళ్లది వేరే చిక్కు. కన్సల్టెన్సీ ఒక ప్రొఫైల్ పంపితే, వాళ్లకూ కంపెనీకీ ఉన్న ఒప్పందం ప్రకారం కొంతకాలం, చాలావరకు ఆరు నెలలో ఏడాదో, ఆ అభ్యర్థి వాళ్ల ఖాతాలో ఉంటాడు. ఆ లోపల అతను నేరుగా కంపెనీకి రాసినా, ఇంకో కన్సల్టెన్సీతో పంపించుకున్నా ‘డూప్లికేట్’ అని వచ్చి ఫీజు ఎవరికివ్వాలన్న తగాదా మొదలవుతుంది. ఆ తలనొప్పి పడలేక కొందరు మేనేజర్లు ప్రొఫైల్‌నే పక్కన పెట్టేస్తారు. అందుకే మొదట కన్సల్టెన్సీ మనిషికే ఫోన్ చేసి, గడువు ఎప్పటిదాకా ఉందో అడిగి, అతని ద్వారానే మళ్లీ కదపడం సురక్షితం. ఆ ఫీజు కంపెనీ ఇచ్చేది, అభ్యర్థి ఇచ్చేది కాదు. ‘మీ పాత ఇంటర్వ్యూని మళ్లీ తెరిపిస్తాం, డిపాజిట్ కట్టండి’ అని ఎవరైనా అంటే అది బ్యాక్‌డోర్ ఉద్యోగాల మోసమే. మెయిల్ కంపెనీ సొంత డొమైన్ నుంచి వచ్చిందో, జీమెయిల్ నుంచి వచ్చిందో చూస్తే చాలాసార్లు తేలిపోతుంది.

మెయిల్ తిరిగొచ్చిందంటే రిక్రూటర్ అక్కడ లేనట్టు. వీళ్లలో కాంట్రాక్ట్ మీద పనిచేసేవాళ్లు ఎక్కువ, తరచూ మారుతుంటారు. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు గానీ, నిజానికి దారులు రెండయ్యాయి. ఆమె ఇప్పుడు ఏ కంపెనీలో ఉందో లింక్డ్‌ఇన్ చెబుతుంది, అక్కడికీ రాయొచ్చు. పాత కంపెనీలో ఆమె స్థానంలోకి వచ్చినవాళ్లకు జాబ్ ఐడీ, ఇంటర్వ్యూ నెల ఇచ్చి రాస్తే పాత రికార్డు తెరుచుకుంటుంది.

ఇలాంటి పలుచని పరిచయాలు ఉద్యోగం దాకా తీసుకెళ్తాయన్నది కొత్త మాట కాదు. అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెటర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో, పరిచయాల ద్వారా కొత్త ఉద్యోగాల్లో చేరినవాళ్లను అడిగి చూశాడు. సమాచారం ఇచ్చిన వ్యక్తిని తరచూ కలిసేవాళ్లమని చెప్పినవాళ్లు 16.7 శాతమే. 55.6 శాతం అప్పుడప్పుడు కలిసేవాళ్లమన్నారు, 27.8 శాతం ఎప్పుడో గానీ కలవమన్నారు. ఒకసారి ఇంటర్వ్యూ చేసిన రిక్రూటర్ ఈ ‘అప్పుడప్పుడు’ కోవకే చెందుతుంది. ఇంటిపక్కవాళ్లకు తెలియని ఖాళీలు ఆమెకు తెలుసు.

ఎక్కడ ఆపాలో కూడా తెలియాలి. రిజెక్ట్ అయిన రోజున ఒక జవాబు, మూడో నెలలో ఒక మెయిల్, ఆరో నెలలో చెప్పుకోదగ్గ కొత్త విషయం ఉంటే ఇంకొకటి. ఏడాదికి అంతకు మించి అవసరం రాదు, ఆమే ఫలానా తేదీన గుర్తుచేయమంటే తప్ప. తిరిగొచ్చే మాటను బట్టి పరిస్థితి తెలుస్తుంది. ‘ఇప్పుడు నోటీస్ ఎంత? ఎక్స్‌పెక్టేషన్ ఎంత?’ అని ఎదురు ప్రశ్న వస్తే దారి తెరిచే ఉంది. ‘మీ ప్రొఫైల్ మా డేటాబేస్‌లో ఉంది’ అంటే ప్రస్తుతానికి లేదనే అర్థం. వరసగా రెండింటికి మౌనమే సమాధానమైతే ఆ పేరు పక్కన పెట్టి, కంపెనీ కెరీర్స్ పేజీలో అలర్ట్ పెట్టుకుని వేరే చోట ప్రయత్నించాలి.

గత ఏడాదిలో మేనేజర్ రౌండ్ దాకా వెళ్లి ఆగిపోయినవాళ్లు ఈ వారం ఆ పాత మెయిళ్లు వెతికి తీయండి. ఏ నెలలో వచ్చాయో, ఆఖరి రౌండ్‌లో దేనికి తడబడ్డారో, ఆ తర్వాత ఆ విషయంలో ఏం చేశారో ఒక కాగితం మీద రాయండి. మూడోదానికి జవాబు ఉంటే ఈ రోజే రిప్లై కొట్టండి. లేకపోతే ముందు ఆ పని చేసి, తర్వాత రాయండి.